సవరణ: లోగో సిద్ధమైతే పొజిషనింగ్ అయిపోయినట్టు కాదు

"లోగో, రంగులు, బోర్డు అన్నీ రెడీ. ఇక నా బ్యాగుల షాపుకి పొజిషనింగ్ అయిపోయినట్టేనా?"

కాలేదు. ఇంతకుముందు నేను రాసిన పోస్టులో "లోగోతో పొజిషనింగ్ మొదలవుతుంది" అన్న వాక్యాన్ని "పొజిషనింగ్ తేలాకే లోగో" అని మార్చి చదవండి.

పేరు, రంగులు, బోర్డు, మీరు మాట్లాడే తీరు మీ చేతిలో ఉన్నవి. అదే బ్రాండ్ ఐడెంటిటీ. పొజిషనింగ్ అంటే కొనేవాళ్లు మిమ్మల్ని వేరే షాపులతో పోల్చుకున్నప్పుడు వాళ్ల మనసులో మీకు దక్కే చోటు.

"రోజూ పుస్తకాల బరువు మోసే విద్యార్థుల షాపు, ఏడాదిలోపు జిప్పు పోతే ఉచితంగా మార్చి ఇస్తుంది" అని కొనేవాళ్లు అనుకోవాలని మీరు తేల్చుకున్నారనుకోండి. ఎవరి కోసం, మిగతా షాపులకంటే ఏం తేడా అన్నవి రెండూ ఇందులో తేలిపోయాయి. ఇప్పుడు బోర్డు మీద బంగారు అక్షరాలు, లోపల అద్దాల మెరుపు పెడితే, ఇదేదో ఖరీదైన షాపనుకుని విద్యార్థి గుమ్మం కూడా ఎక్కడు. కుట్టుమిషన్ బయటికి కనబడేలా పెట్టండి. నన్నడిగితే అది లోగోకంటే ఎక్కువ పనిచేస్తుంది, జిప్పు మాటను నమ్మిస్తుంది కాబట్టి.

కొన్నవాళ్లను "ఇక్కడికే ఎందుకొచ్చారు?" అని అడిగి చూడండి. ఎక్కువమంది "దగ్గర్లో ఉంది కదా" అంటే మీకు ఐడెంటిటీ ఉంది, పొజిషనింగ్ ఇంకా లేదు. అప్పుడు రంగులు మార్చి లాభం లేదు, జిప్పు హామీని ప్రతి బిల్లు మీదా రాసివ్వాలి.