ముప్పై సెకన్లలో మా ఊరు దాటలేదు

కొత్త ఉద్యోగంలో మొదటి టీమ్ కాల్. పదకొండు మందిమి, ఎవరిని వాళ్ళు పరిచయం చేసుకోవడానికి మనిషికి ముప్పై సెకన్లు. నా వంతు ఏడోది. ముందు ఆరుగురు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు, నాది నేను లోపల వల్లె వేసుకుంటున్నాను మరి. నా తర్వాతి నలుగురూ అదే పనిలో ఉంటారన్న సంగతి అప్పుడు తట్టలేదు.

"నా పేరు సూర్యం, మాది పర్లాకిమిడి" అన్నాను. మేనేజర్ మర్యాదకి "ఎక్కడండీ అది?" అన్నారు.

"ఒడిశాలో, గజపతి జిల్లా." ఒకాయన సంబరపడి ఒడియా అందుకున్నారు. "వచ్చండీ, కానీ మా ఇంట్లో తెలుగే" అన్నాను. "అయితే ఆంధ్రానా?" "కాదండీ, పక్కనే. పాతపట్నం దాకా వస్తే మాకు ఆంధ్రా వచ్చేసినట్టే. అసలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా జమీందారీ..."

"థాంక్యూ సూర్యం."

సాయంత్రం మీటింగ్ నోట్స్ వచ్చాయి. నా పేరు ఎదురుగా "పర్లాకిమిడి, 1936" అని ఉంది. చేసే పని అన్న గడిలో చిన్న గీత. వారం రోజులు నాకు ఎవరూ పని చెప్పలేదు. ఏం చెప్పాలో వాళ్ళకి తెలిస్తే కదా!

ఆదివారం ఇంటికెళ్ళి మా పెదనాన్న దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన గుణుపురం లైనులో టికెట్లు కొట్టి రిటైరయ్యారు. "ఏట్రా, కౌంటరు దగ్గరికొచ్చి నీది ఏ ఊరో చెప్తావేటి? ఆ ఊరు స్టేషన్లోనే కదా నిల్చున్నావు. ఎక్కడికి, ఎందరు, అంతే" అన్నారు.

ఆలోచిస్తే నిజమే. ఇంటర్వ్యూలో ఊరు, చదువు, ఏళ్ళు అన్నీ ఎదుటివాళ్ళ చేతిలోని కాగితం మీదే ఉంటాయి. కాల్‌లో పేరు తెర మీద ఉంటుంది. లేనిది ఒక్కటే: ఈ మనిషి దేనికి పనికొస్తాడు?

ఫోన్లో రికార్డర్ పెట్టుకుని నా పాత పరిచయం చదివితే నిమిషం యాభై సెకన్లు వచ్చింది. ఇంగ్లీషులో ముప్పై సెకన్లంటే నిదానంగా డెబ్బై మాటలు. ముందు ఊరు తీసేశాను. తర్వాత "క్వాలిటీ అష్యూరెన్స్" తీసేశాను. అది విన్నవాళ్ళు తలూపుతారు గానీ, రెండో నిమిషంలో "ఇంతకీ మీరేం చేస్తారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే పరిచయం పోయినట్టే. మిగిలింది తెలుగులో చెప్తే ఇది:

"నా పేరు సూర్యం. మీరు ఫోన్లో డబ్బు పంపితే, మీ ఖాతాలో తెగి అవతలికి చేరకపోవడం ఉంటుంది చూశారా, అలాంటి తప్పుల్ని యాప్ మీ దాకా రాకముందే పట్టుకోవడం నా పని. పోయినేడాది, నెట్ మధ్యలో పోతే ఒకే చెల్లింపు రెండుసార్లు తెగే తప్పు ఒకటి పట్టుకున్నాను."

పేరు తర్వాత ఒక ఊపిరి ఆగాలి, లేకపోతే పేరు పక్క మాటలో కలిసిపోతుంది. తోక మాత్రం చోటునిబట్టి మారుతుంది. ఇంటర్వ్యూలో: "మీ యాప్‌లో చెల్లింపులు కొత్తగా పెడుతున్నారని ప్రకటనలో చూశాను, అందుకే వచ్చాను." టీమ్ కాల్‌లో: "చెల్లింపుల మీద ఫిర్యాదు వస్తే ముందు నాకు పంపండి." పదిమంది టీ కప్పులతో నిలబడే చోట: "మీకెప్పుడైనా అలా డబ్బు ఇరుక్కుందా?"

మొదటి రెండు తోకలకంటే మూడోది ప్రమాదం. విశాఖపట్నంలో ఒక సభలో వాడితే, ఎదుటాయన తన 4,200 రూపాయలు ఎలా ఇరుక్కున్నాయో నలభై నిమిషాలు చెప్పారు. నా పేరు మాత్రం మర్చిపోలేదు. మూడు నెలలుగా ఫోన్ చేస్తూనే ఉన్నారు.

రెండో కాల్‌లో మళ్ళీ చెప్పే అవకాశం వచ్చింది. ఇరవై ఎనిమిది సెకన్లు, గుక్క తిప్పుకోకుండా అదరగొట్టాను. ఎవరూ మాట్లాడలేదు. "సూర్యం గారూ, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అన్నారు మేనేజర్. రెండోసారి పద్నాలుగు సెకన్లలో చెప్పేశాను. ఆ మధ్యాహ్నమే మూడు ఫిర్యాదులు నా దగ్గరికొచ్చాయి.

ఆ ఊపులోనే మొన్న మా ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో పక్కన కూర్చున్న మామ్మగారు "ఎవలబ్బాయివి బాబూ?" అన్నారు. పేరు చెప్పి, ఊపిరి ఆగి, చెల్లింపుల దాకా వచ్చాను.

"అదంతా సర్లే గానీ," అన్నారావిడ, పులిహోర కలుపుకుంటూ, "మీ తాతది ఇవతలా, పాతపట్నమా?"

విస్తరి మడిచేదాకా 1936 గురించే మాట్లాడుకున్నాం.