టకారానికి బెంగళూరు నుంచి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ టకారం గారికి, మీ తమ్ముడు డకారానికి,

మారతహళ్ళి నుంచి నమస్కారాలు. ఆఫీసు వేళల్లో మీ ఇద్దరినీ సెలవు మీద పంపమని మాకు ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పే మేడమ్ ఉత్తర్వు ఇచ్చారు. మీ నేరం ఏమిటంటే, నాలుక కొసను వెనక్కి మడిచి అంగిలికి కొట్టించడం. ఇంగ్లిష్ వాళ్ళ నాలుక అంత దూరం పోదట. పై పళ్ళ వెనక చిగురు ఉబ్బెత్తుగా ఉండే గట్టు దగ్గరే ఆగుతుందట.

ఆగమంటే ఆగుతుందా నా నాలుక? గట్టు దాటి పళ్ళ మీద పడింది. మర్నాడు కాల్‌లో "టెన్ డేస్" అనబోయి "తెన్ దేస్" అన్నాను. "దెన్? ఆ తర్వాత?" అని అవతలాయన ఓపిగ్గా ఎదురుచూశాడు. ఆయన్ని అనడానికి లేదు. గాలి ఊదకుండా పలికిన త ఆయన చెవికి ద లాగే ఉంటుంది.

నా రూమ్మేట్ మలయాళీ. కుత్తి, కుట్టి అని పలికి, ఆ రెంటి నడుమ గట్టు మీద ఇంకొకటి పలుకుతాడు. మొదటిది పొడిచాడని, రెండోది పిల్ల అని, నడిమిది గూటం అని అర్థం. అన్నం తింటూనే మూడూ పలికేస్తాడు. ఒకప్పుడు మన పూర్వీకులకీ ఆ నడిమి చోటు ఉండేది. తమిళులు నేటికీ ఱకారాలతో రాసే "చుఱ్ఱు" మన నోట్లో చుట్టు అయింది, "పుఱ్ఱు" పుట్ట అయింది. అంటే ఆ స్థలం కబ్జా చేసింది తమరే!

చివరికి దారి చూపింది పాపం లకారం. మన ల ఆ గట్టు మీదే పుడుతుంది (ళ కాదు, అది మీ పక్షం). "ల్" అని నాలుకను అక్కడే ఉంచి, పక్కల నుంచి గాలి పోకుండా మూసి, ఒక్కసారి వదిలితే వాళ్ళ ట వస్తుంది. మాట మొదట్లో అయితే కాస్త గాలి కూడా ఊదాలి. నోటి ముందు పట్టిన కాగితం ముక్క "టైమ్"కి కదలాలి, "స్టాప్"కి కదలకూడదు. ఊదకపోతే టైమ్ వాళ్ళకి డైమ్‌లా వినిపిస్తుంది. ఇందులో మీ తప్పేమీ లేదు, అయినా నింద మీకే.

మీరు దొంగచాటుగా వచ్చినా దొరికిపోతారు. "గుడ్" అని రికార్డు చేసి వింటే, మీ తమ్ముడికి ముందున్న అచ్చు చివర ర వాసన కొడుతుంది.

ఆదివారం అమ్మకి ఫోన్ చేసి, పెసరట్టు తిన్నానని గట్టు మీది ట తోనే చెప్పాను. "పన్ను నొప్పా నాన్నా? డాక్టరుకి చూపించుకో" అంది. ఆ డాక్టరులో మీ తమ్ముడు ఎంత నిండుగా ఉన్నాడో!

సోమవారం తొమ్మిదిన్నర దాకా ఇద్దరూ డ్యూటీలోనే ఉండండి.

ఇట్లు (ఈ ట మీదే),
మీ నాలుక యజమాని