వెండి కాసులపేరు

పెళ్లి ఆల్బం డిజైన్ చేసేవాళ్లు ఎవరికైనా భయపడతారంటే అది పెళ్లికూతురి మేనత్తకే. మొన్న మా స్టూడియోకి వచ్చిన మేనత్తగారు జీలకర్ర-బెల్లం ఫోటో మీద వేలు పెట్టి, "ఈ తల ఎవరిదయ్యా, ఈ మెడ ఎవరిది?" అని నిలదీశారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. బ్యూటీషియన్ ఒంటి రంగు కంటే రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ ముఖానికి పట్టించి, గడ్డం దగ్గరికి రాగానే ఆపేసింది. దాని మీద ఫ్లాష్ ఎదురుగా కొట్టింది. కింద కాసులపేరు మెడకి ఇంకాస్త పసుపు అద్దింది.

మా కుర్రాడు "ఐదు నిమిషాల్లో అయిపోద్ది ఆంటీ" అని కూర్చున్నాడు. ఫోటోషాప్‌లో మెడ, చేతులు కలిపి సెలెక్ట్ చేసి, Hue/Saturation తెరిచి, Lightness కుడికి తోసేశాడు. అది రంగుకి వెలుగు ఇవ్వదు, తెలుపు కలుపుతుంది. చేతులు బూడిదరంగుకి తిరిగాయి, గోరింటాకు రోజ్‌మిల్క్ అయింది. నగలు కూడా ఆ సెలెక్షన్‌లోనే ఉన్నాయి. పెళ్లికూతురి నాన్నగారు కళ్లజోడు సర్దుకుని, "బాబూ, మేం పెట్టింది బంగారం" అన్నారు.

అదంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. గడ్డం కింద నీడ పడే చోటు వదిలి, చెంప మీద ఒక చోట, మెడ మీద వెలుగు పడ్డ చోట ఒకటి రంగుల అంకెలు చూశాను. ముఖంలో ఎరుపు 230, నీలం 190. మెడలో ఎరుపు 176, నీలం 96. ఎరుపుకీ నీలానికీ ముఖంలో తేడా 40, మెడలో 80. అసలు గొడవ ఇక్కడుంది. మెడ కాస్త నల్లగా ఉంటే చూసేవాళ్లు నీడ అనుకుని ఊరుకుంటారు. ముఖం గులాబీ, మెడ పసుపు అయితే మాత్రం తల అతికించారంటారు.

అందుకని రెండు Curves లేయర్లు వేశాను. ఒకటి ముఖాన్ని దించడానికి, ఒకటి మెడనీ చేతుల్నీ లేపడానికి. మాస్క్ నల్లగా నింపి, మెత్తటి తెల్ల బ్రష్‌తో నగలు, గోరింటాకు తప్పించుకుంటూ చర్మం మీదే కొద్దికొద్దిగా తెరిచాను. ముఖం 215, 155 దగ్గరా, మెడ 195, 130 దగ్గరా ఆగాయి. తేడాలు 60, 65. మెడని ముఖమంత తెల్లగా లాగలేదు. లాగితే దవడ గీత పోయి గడ్డం మెడలో కలిసిపోతుంది.

మేనత్తగారు దూరంగా జరిగి ఒకసారి, ముక్కు ఆనించి ఒకసారి చూసి, "ఇప్పుడు మా పిల్లలా ఉంది. ముఖమే కొంచెం తగ్గినట్టుంది" అన్నారు. అయినా ఓకే చెప్పేశారు.

సాయంత్రం వియ్యపురాలి నుంచి ఫోన్. జీలకర్ర-బెల్లం పెడుతూ పెళ్లికూతురి నెత్తి మీదున్న అబ్బాయి చెయ్యి సంగతి. "మా వాడికి మేకప్ వెయ్యకపోతే మాత్రం, చెయ్యి అలా వదిలేస్తారా?"