అంచనాకు కొలత వేషం

‘కొవ్వు 27.3 శాతం.’ హైదరాబాద్‌లోని ఒక జిమ్ ఇచ్చిన చీటీ మా డెస్క్ మీద ఉంది. అంకె ఎర్ర రంగులో ఉంది. దాని కింద బూడిద రంగు బొమ్మ, నడుం చుట్టూ మళ్లీ ఎరుపు. ఇంకాస్త కిందికొస్తే మూడు నెలల ప్యాకేజీ ధర. చీటీ అందుకున్న మనిషి చేసిందల్లా కెమెరా స్కానర్ ముందు గుండ్రంగా తిరిగే పీట మీద కాసేపు కదలకుండా నిలబడటమే. ఫోన్ యాప్ అయితే అదీ అక్కర్లేదు, బిగుతు బట్టల్లో ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫొటోలు దిగితే చాలు. పీటైనా ఫోనైనా ఆ మనిషి ఒంట్లోని కొవ్వును చూడలేదు. కెమెరా చర్మం దగ్గరే ఆగిపోతుంది. ఆపైనదంతా లెక్క. ఆ లెక్కను కొలతగా అమ్మడం మీదే మా కోపం.

లెక్క కొత్తదేమీ కాదు. అమెరికా నౌకాదళ పరిశోధకులు 1984లోనే టేపుతో మెడ, నడుం కొలిచి, ఎత్తు కలిపి, కొవ్వు శాతం చెప్పే సూత్రం తయారుచేశారు. ఆడవాళ్లకైతే తుంటి చుట్టుకొలత కూడా కావాలి. ఇవాళ్టి స్కానర్ టేపుకు బదులు కెమెరాతో ఒంటి ఆకారాన్ని పట్టుకుంటుంది. రెండు మూడు చుట్టుకొలతలకు బదులు వందల కొలతలు తీస్తుంది. కానీ పని అదే: ‘ఈ ఆకారం ఉన్నవాళ్లకు సాధారణంగా ఇంత కొవ్వు ఉంటుంది’ అని ఊహించడం.

ఆ ఊహ ఎంత సున్నితమో పాత సూత్రంలోనే చూడొచ్చు. 5 అడుగుల 7 అంగుళాల మగమనిషి, మెడ 15 అంగుళాలు, నడుం 36 అనుకోండి. కొవ్వు 22.6 శాతం వస్తుంది. అతనే కడుపు కాస్త లోపలికి పీల్చి 35 చూపిస్తే 20.8. కడుపునిండా తిని వచ్చి 37 చూపిస్తే 24.3. ఒంట్లో గ్రాము కొవ్వు మారలేదు, చీటీ మీద మూడున్నర పాయింట్లు మారాయి. ఊపిరి వదిలి నిలబడమని, చేతులు ఒంటికి తగలనివ్వొద్దని, వదులు బట్టలు వద్దని స్కానర్ వాళ్లు పదేపదే చెప్పేది ఇందుకే. జిమ్‌లో రద్దీగా ఉండే సాయంత్రం అవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారు?

అన్నీ సరిగ్గా చేసినా తేడా ఉంటుంది. అమెజాన్ చేతికి కట్టుకునే తన హేలో బ్యాండ్‌తో పాటు ఫోన్ ఫొటోల నుంచి కొవ్వు చెప్పే సౌకర్యం 2020లో తెచ్చింది, 2023లో మూసేసింది. దాన్ని అమెరికాలో రెండు చోట్ల కలిపి 134 మంది మీద, డెక్సా అనే ఎక్స్‌రే స్కాన్‌తో పోల్చి చూశారు. సగటు తేడా రెండు పాయింట్లకు కొంచెం పైన. 2022లో అచ్చయిన ఈ పరీక్షకు డబ్బు పెట్టింది అమెజానే. ఫలితం మంచిదే, కాదనం. ఇంట్లో కాళ్ల కింద పెట్టుకునే, ఒంట్లోకి చిన్న కరెంటు పంపి కొవ్వు చెప్పే త్రాసు కన్నా మెరుగు. కానీ సగటు తేడా రెండు అంటే కొందరికి అసలు తేడా రాలేదు, కొందరికి నాలుగైదు పాయింట్లు వచ్చింది అని అర్థం. మీరు ఏ గుంపులో ఉన్నారో చీటీ చెప్పదు. పైగా ఆ డెక్సా కూడా దేవుడి త్రాసేం కాదు. ఒంట్లో నీరు ఎక్కువైనా తక్కువైనా, మెషీన్ కంపెనీ మారినా అదీ అటూ ఇటూ అవుతుంది. అలాంటి దాన్ని చూసి నేర్చుకున్న అంచనాకు దశాంశం తర్వాత అంకె ఎక్కడిది?

స్కానర్ల తరఫున ఒక మాట చెప్తారు. ఒకే మనిషిని వెంటవెంటనే రెండుసార్లు స్కాన్ చేస్తే అంకె దాదాపు అదే వస్తుంది, అందుకని మార్పు చూసుకోవడానికి పనికొస్తుంది అని. నిజమే. కానీ గడియారం రోజూ పది నిమిషాలు వెనక నడిస్తే అదీ నిలకడే. ఇక మార్పు సంగతి. 80 కిలోల మనిషికి 27 శాతం కొవ్వు, అంటే సుమారు 21.6 కిలోలు. మూడు నెలలు చెమటోడ్చి 3 కిలోలు తగ్గాడు, అదంతా కొవ్వే అనుకుందాం. ఇప్పుడు 24 శాతం చిల్లర. తగ్గింది మూడు పాయింట్ల లోపు. నడుం దగ్గర ఒకటిన్నర అంగుళం తేడా వచ్చినా సూత్రం ఇంతే మార్పు చూపిస్తుంది. మొదటి స్కాన్ భోజనం తర్వాత, రెండోది పరగడుపున తీస్తే ఆ తేడాలో కొంత ఊరికే వచ్చిపడుతుంది. ప్యాకేజీ అమ్మేవాడికి ఇంతకన్నా అనుకూలమైన తప్పు ఉంటుందా?

మన దగ్గర దీనికి ఇంకో చిక్కుంది. ఇలాంటి సూత్రాలు మధ్యస్తం వైపు మొగ్గుతాయి. బాగా లావున్నవాళ్లకు తక్కువ, బాగా సన్నగా ఉన్నవాళ్లకు ఎక్కువ చెప్తాయి. ఆకారానికి తగ్గట్టు కొవ్వు లేని మనిషి వస్తే బోల్తా పడతాయి. అలాంటి మనుషులు మన దేశంలో కొల్లలు. పుణే వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండ్ వైద్యుడు యడ్కిన్ పక్కపక్కన దిగిన ఫొటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఎత్తుకు బరువు ఎంత తగ్గట్టు ఉందో చెప్పే బీఎంఐ ఇద్దరిదీ 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. సన్నటి చేతులు, కాళ్లు, లోపల కొవ్వు. స్కానర్ ఆకారం చూస్తుంది కాబట్టి బీఎంఐ అంత గుడ్డిది కాదు. కానీ పేగుల చుట్టూ, కాలేయంలో దాగే కొవ్వు చర్మం మీద గీతగా కనబడదు. అలాంటి మనిషికి ‘మీరు నార్మల్’ అని పచ్చరంగు చీటీ చేతిలో పెడితే ఇంటికెళ్లి షుగర్ పరీక్ష మానేస్తాడు. ఏ జనం ఒళ్లు చూసి ఈ యాప్ నేర్చుకుందో చీటీ మీద ఎక్కడా లేదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఊళ్లో, మన మనుషుల మీద సరిచూశారో లేదో చెప్పని అంకెను ఇంత ధైర్యంగా అచ్చేస్తున్నారు.

మా అసలు భయం అంచనా తీర్పుగా మారడం గురించి. ఇది జరగని సంగతి కాదు. అమెరికా సైన్యంలో టేపు లెక్క దాటితే పదోన్నతులు ఆగాయి, ఉద్యోగాలు పోయాయి. చివరికి 2023లో సైన్యం టేపు పద్ధతినే మార్చి, తప్పినవాళ్లు అందుబాటులో ఉన్నచోట మెషీన్‌తో మరోసారి చూపించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. రెండో కొలత అడిగే హక్కు అక్కడి సైనికుడికే అంత ఆలస్యంగా వచ్చింది. జిమ్ చీటీ రేపు ఆఫీసు హెల్త్ క్యాంపులోకి, ఎల్లుండి బీమా ప్రీమియంలోకి నడిచొస్తే మన ఉద్యోగికి ఆ హక్కు ఎవరిస్తారు?

అమ్మొద్దని మేం అనడం లేదు. తేడా ఎంతో, ఎవరి మీద పరీక్షించారో చీటీ మీదే రాయాలి. ఆ అంకె ఉద్యోగానికీ బీమాకూ వాడకూడదని ప్రభుత్వం ఇప్పుడే చెప్పాలి. 27.3 అని ఎర్రగా అచ్చేసే మెషీన్‌కు పక్కనే ‘నాలుగు పాయింట్లు అటూ ఇటూ’ అని రాయడానికి ఇంకు చాలడం లేదా, మనసు రావడం లేదా?