బెల్లానికి ‘బ’ ఎక్కడిది?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ‘బేగి రా’, ‘బేగ వెళ్లు’ అన్న మాటలు రోజూ వినిపిస్తాయి. ‘త్వరగా’ అనే అర్థంలో కన్నడంలోనూ ‘బేగ’ ఉంది. రెండు ద్రావిడ భాషల్లో ఒకే మాట ఒకే అర్థంలో కనిపించేసరికి, ఇది మూలద్రావిడం నుంచి ఇద్దరికీ వారసత్వంగా వచ్చిందని తీర్మానించేవాళ్లను చాలామందిని చూస్తుంటాం. మన మాండలికం ఎంత పాతదో చూడండి అని గర్వంగా చెబుతారు. గర్వం తప్పు కాదు, తీర్మానం తప్పు. ‘బేగ’ సంస్కృత ‘వేగ’మే. కన్నడం ఒక దారిలో తెచ్చుకుంది, మనం ఇంకో దారిలో తెచ్చుకున్నాం.

ఒకే తల్లిభాష నుంచి రెండు భాషలకు సంక్రమించిన మాటల్ని జ్ఞాతి పదాలంటారు. పొరుగువాళ్ల దగ్గర తెచ్చుకున్నవి అరువు మాటలు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. భాషావేత్త వీటిని పోలికను బట్టి కాక తేడాను బట్టి వేరు చేస్తాడు. ఆ తేడా ప్రతి మాటలోనూ ఒకే పద్ధతిలో వస్తోందా లేదా అన్నదే అసలు పరీక్ష.

వంటింటి నుంచే మొదలుపెడదాం. మనం వెన్న అంటాం, తమిళులు వెణ్ణెయ్ అంటారు, కన్నడిగులు బెణ్ణె అంటారు. మన వేరు తమిళంలో వేర్, కన్నడంలో బేరు. మన వెల తమిళంలో విలై, కన్నడంలో బెలె. చేపల వల తమిళంలో వలై, కన్నడంలో బలె. విల్లు తమిళంలో విల్, కన్నడంలో బిల్లు. ఇలా ఎన్ని మాటలు తీసినా వరస మారదు. తమిళ, తెలుగుల్లో మాట మొదట ‘వ’ ఉన్నచోట కన్నడంలో ‘బ’ ఉంటుంది. మూలద్రావిడంలో ఉన్న ‘వ’ను తమిళం, తెలుగు నిలుపుకున్నాయి, కన్నడం ‘బ’గా మార్చుకుంది. దీన్నే ధ్వనిసూత్రం అంటారు. ఒక్క మాట పోలిక కాకతాళీయం కావచ్చు. ఇన్ని మాటల్లో ఒకే తేడా ఒకే చోట రావడం మాత్రం కాకతాళీయం కాదు. అందుకే వెన్న, బెణ్ణె జ్ఞాతి పదాలని ధైర్యంగా చెప్పగలుగుతున్నాం.

ఇప్పుడు బెల్లం సంగతి చూడండి. తమిళంలో వెల్లం. కన్నడంలో బెల్ల. ఈ రెండూ సూత్రానికి సరిగ్గా సరిపోయాయి. తెలుగులో వెన్న ఉన్నట్టే ‘వెల్లం’ ఉండాలి. కానీ అనకాపల్లి నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ సంతలో అడిగినా బెల్లమే. తెలుగు తన వారసత్వపు ‘వ’ను ‘బ’ చేసే అలవాటు ఉన్న భాష కాదు. అలా చేసి ఉంటే మనం బెన్న, బేరు, బల అని మాట్లాడుతూ ఉండాలి. కాబట్టి బెల్లంలో ఉన్న ‘బ’ తెలుగు ‘బ’ కాదు, కన్నడ సూత్రం వేసిన ముద్ర.

అరువు ఏ వైపు నుంచి ఏ వైపుకు నడిచిందో కూడా ఇక్కడే తేలుతుంది. మాట ఏ భాషలో సూత్రానికి లొంగి ఉందో ఆ భాష ఇచ్చింది, ఏ భాషలో సూత్రానికి ఎదురు తిరిగిందో ఆ భాష పుచ్చుకుంది. కన్నడంలో బెల్ల సక్రమం, తెలుగులో బెల్లం అక్రమం. అదీగాక బెల్లం సరుకు. ఎడ్లబండ్ల మీద ఊళ్లు దాటి, చేతులు మారి వచ్చేది. సరుకుతోపాటు పేరూ ప్రయాణం చేయడంలో వింత లేదు. ఆ మాటకొస్తే బండి మీదా ఇదే అనుమానం ఉంది. తమిళంలో వండి, కన్నడంలో బండి, మనకూ బండే.

ఒక్క అక్షరం మీద ఇంత భారం వేయవచ్చా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే చరిత్ర తెలిసిన మాటతో సరిచూసుకోవాలి. గంగిరెద్దును బసవన్న అంటాం. సంస్కృత వృషభం ప్రాకృతంలో వసహ అయి, కన్నడంలో బసవ అయింది. 12వ శతాబ్దంలో కన్నడ దేశంలో బసవేశ్వరుడు నడిపిన వీరశైవంతోపాటు ఆ పేరు తెలుగునేలకు వచ్చింది. ఈ మాట ఎక్కడి నుంచి, ఎవరితో వచ్చిందో మనకు తెలుసు. దాని మీదా అదే ‘బ’ ముద్ర ఉంది. బెల్లం విషయంలో అలాంటి చారిత్రక సాక్ష్యం లేదు కాబట్టి అక్కడ అరువు అన్నది బలమైన అనుమానం. బసవ విషయంలో అది నిర్ధారణ. నా ఉద్దేశంలో ఈ రెంటినీ ఒకే గొంతుతో చెప్పకపోవడమే ఈ శాస్త్రంలో నిజాయితీ.

మళ్లీ బేగి దగ్గరికి వద్దాం. ఇందులోనూ ‘బ’ ఉంది, అయితే ఇదీ కన్నడ ముద్రేనా? శ్రీకాకుళానికి పొరుగున ఉన్నది ఒడియా. సంస్కృతంలో ‘వ’ ఉన్నచోట ఒడియా నోరు ‘బ’ పలుకుతుంది. వనం బన అవుతుంది, వర్షం బర్ష అవుతుంది. ఒడిశాలో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే మన వంశధారనే ఎగువన బంశధార అంటారు. వేగ అక్కడ బేగ. కన్నడంలో ‘వ’ను ‘బ’ చేసిన మార్పూ, ఒడియాలో చేసిన మార్పూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, కానీ రెండూ వేసే ముద్ర ఒక్కటే. ఇలాంటప్పుడు ధ్వని చేతులెత్తేస్తుంది. మాట ఏ ప్రాంతంలో బతుకుతోందో చూడాలి. ఒడియాతో సరిహద్దు పంచుకునే ఉత్తరాంధ్రలో ఆ మాట ఇంత దట్టంగా ఉందంటే దారి అటు నుంచే అనుకోవడం సబబు. తెలుగులో వేగం, వేగిరం కూడా ఉన్నాయి. ఒకే సంస్కృత మాట మన ఇంట్లోకి వేర్వేరు గుమ్మాల్లోంచి వచ్చిందన్నమాట.

ఒడియా ప్రస్తావన వచ్చింది కాబట్టి మన వ్యాకరణం పెట్టే ఒక చిక్కు చెప్పాలి. సంస్కృతం నుంచి మారి వచ్చిన మాటల్ని తద్భవాలంటాం. యాత్ర జాతర అయింది, సింహం సింగం అయింది. ఒడియా వాళ్లూ తమ ‘హాత’ను తద్భవమే అంటారు, హస్తం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది కనుక. పేరు ఒక్కటే, విషయం రెండు. ఒడియా ఆ కుటుంబపు బిడ్డ, హాత దానికి తరతరాల వారసత్వం. తెలుగు ఆ కుటుంబానిది కాదు, జాతర మనకు అరువు. ఆ మాటలో ‘య’ను ‘జ’ చేసింది ప్రాకృతమే, తెలుగు కాదు. సంస్కృతపు మాటలు ఇన్ని ఉన్నాయి కనుక తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందనే వాదన ఈ రెంటినీ కలిపేయడం వల్లే నిలబడుతూ వచ్చింది. 1816లోనే ఎల్లిస్ అనే అధికారి ఆ వాదనను తోసిపుచ్చాడు. మన పండితులు దేశ్యాలుగా విడదీసి ఉంచిన మాటల్నీ, ధాతువుల్నీ తీసుకుని, అవి తమిళ కన్నడాలతో కలుస్తున్నాయని చూపించాడు.

ఇక కొండ ఎక్కితే ఇదే పాఠం తలకిందులుగా కనిపిస్తుంది. సాలూరు, కురుపాం వైపు కొండదొరల్లో కొందరు మాట్లాడే కూబి అనే ద్రావిడ భాషలో చెయ్యిని ‘కియు’ అంటారు, చెవిని ‘గిబి’ అంటారు. ఆ కొండల్లోనే వినిపించే మరో ద్రావిడ భాష కువిలో చెయ్యి ‘కెయు’. వినడానికి మన మాటలకూ వీటికీ చుట్టరికమే లేనట్టుంటుంది. కన్నడం పక్కన పెట్టి చూడండి: కై, కివి. చెరువుకు కెరె, చెడుకు కెడు. ఇ, ఎ అచ్చుల ముందున్న పాత ‘క’ను తెలుగు ‘చ’ చేసింది, వాళ్లు చేయలేదు. ఇంత తేడాగా వినిపించే చెయ్యి, కియు నిజమైన జ్ఞాతులు. 1969లో భద్రిరాజు కృష్ణమూర్తి కూబి భాష మీద పుస్తకం వెలువరించారు. కొండల్లో మాటలు సేకరించేవాళ్లకు ఈ సూత్రం నేరుగా పనికొస్తుంది. సొంతంగా ‘క’ ఉండాల్సిన చోట కూబిలో ‘చె’ వినిపించిందంటే ఆ మాట దిగువ నుంచి, తెలుగు నుంచి ఎక్కినట్టు.

మనకూ ఇది వర్తిస్తుంది. తెలుగులో ఎర్రదనానికి చెం- ఉంది, చెంగలువ, చెందామర అంటాం. మరి ఎర్రని రాయి కెంపు ఎలా అయింది? కన్నడంలో ఎరుపు కెంపు. అదీ బెల్లంలాగే సరుకు. అయితే ‘కి’ కనిపించగానే అరువు అని ముద్ర వేస్తే కింద దగ్గర బోల్తా పడతాం. కిటికీ, కిరాయి, కిస్తీ బయటివే, కానీ కింద అచ్చ తెలుగు. పాత రూపం క్రింద. ‘క’కూ అచ్చుకూ మధ్య ‘ర’ అడ్డుండటంతో ‘చ’ మార్పు దాన్ని తాకలేదు, ‘ర’ ఆ తర్వాత జారిపోయింది. మాట ఇప్పటి రూపం ఒక్కటే చూస్తే ఇది తెలియదు.

కొండల్లోనే ఉన్న సవర భాష వేరే లెక్క. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి దాని కోసం ఏళ్లు ధారపోశారు. ఆయన సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో వచ్చింది. సవర ముండా కుటుంబానిది. ఒకటి, రెండు, మూడు అక్కడ అబోయ్, బాగు, యాగి. తెలుగుకూ సవరకూ ఉమ్మడి తల్లిభాష ఉందని ఎవరూ నిరూపించలేదు కనుక, రెంటిలో ఒకే మాట కనిపిస్తే జ్ఞాతి అనే ప్రశ్నే రాదు. ఎవరు ఎవరికిచ్చారన్నదే మిగులుతుంది, లేదా రెండూ విడివిడిగా మూడో భాష నుంచి తెచ్చుకున్నాయా అన్నది.

అన్ని మాటల్లోనూ వ, క ఉండవు. ప, మ, న లాంటి ధ్వనులు పక్కపక్క భాషల్లో మారకుండా ఉంటే సూత్రం ఏమీ చెప్పదు. అప్పుడు విభక్తి చేర్చి చూడాలి. నోరు నోటికి అవుతుంది, ఏరు ఏటికి, గోరు గోటికి. ఇల్లు ఇంటికి, కన్ను కంటికి. కానీ కారు ‘కాటికి’ కాదు, కారుకే. ఈ ‘టి’ మార్పు పాత మాటలకే అంటిపెట్టుకుని ఉంది, కొత్తగా వచ్చినవాటికి పట్టదు. కనుక ‘టి’ వచ్చిందంటే ఆ మాట చాలాకాలంగా ఇక్కడిదేనని చెప్పుకోవచ్చు. దీన్ని తిరగేసి చెప్పకూడదు. పేరు, ఊరు కూడా మనవే, అయినా పేరుకి, ఊరికి అంటాం. బెల్లానికి వస్తే ఈ పరీక్ష ఏమీ తేల్చదు. పొలం పొలానికి అయినట్టే, నేత్రం నేత్రానికి అయినట్టే, బెల్లం బెల్లానికి అయింది. అక్కడ మన చేతిలో ఉన్నది ఆ ‘బ’ ఒక్కటే.