పేషెంటుకి ఎగ్జామ్ హాల్లో ఏం పని?

నర్సింగ్ పరీక్షల్లోకి ఈ మధ్య పేషెంట్లు చొరబడుతున్నారు. దీన్ని మొదట్లోనే అరికట్టకపోతే రేపు ప్రశ్న చదివాక పిల్లలు నిజంగానే ఆలోచించాల్సి వస్తుంది. విశాఖపట్నంలో ఎన్నో ఏళ్లుగా బిట్లు తయారు చేస్తున్నదాన్నిగా, పెద్దల దృష్టికి ఈ విషయం తీసుకురావడం నా ధర్మం.

మన పద్ధతి ఎంత ముచ్చటగా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. మెగ్నీషియం సల్ఫేట్‌కి విరుగుడు ఏది? ఎ) ప్రోటమైన్ సల్ఫేట్ బి) కాల్షియం గ్లూకోనేట్ సి) విటమిన్ కె డి) నాలోక్సోన్. ఒక వాక్యం, నాలుగు పేర్లు, ఒక మార్కు. పైగా తప్పు ఆప్షన్లు కూడా వృథా పోవు. ప్రోటమైన్ హెపారిన్‌కి, విటమిన్ కె వార్ఫరిన్‌కి, నాలోక్సోన్ మార్ఫిన్‌కి. ఒక్క టేబుల్ బట్టీ పడితే నాలుగు మార్కులు చేతిలో పడ్డట్టే. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద కూర్చుని పిల్లలు దీన్ని విష్ణు సహస్రనామంలా వల్లె వేస్తుంటే వినడానికే ఎంతో హాయిగా ఉండేది.

ఈ ప్రశాంతతని ఒక కొత్త లెక్చరర్ చెడగొట్టింది. కాన్పుల వార్డులో చాలాకాలం పనిచేసి బోధనలోకి వచ్చిన మనిషి కావడంతో అక్కడి అలవాట్లు ఇంకా పోలేదు. బిట్ల కమిటీలో లేచి, "మేడం, వార్డులో ఎవరూ వచ్చి మెగ్నీషియానికి విరుగుడు ఏంటమ్మా అని అడగరండి. విరుగుడు గురించి ఆలోచించాల్సిన టైమ్ వచ్చిందని ముందు సిస్టర్‌కే తెలియాలి కదా" అంది. వార్డులో ఎవరూ అడగరు కాబట్టే మనం అడగాలమ్మా అని నచ్చజెప్పాను. వినలేదు. ఒక కాగితం తీసి తన బిట్ చదివింది.

"22 ఏళ్ల గర్భిణి, తొలి కాన్పు, 36 వారాలు. పాడేరు వైపు నుంచి 108లో తీసుకొచ్చారు. తీవ్రమైన ప్రీ ఎక్లాంప్సియాకి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తున్నారు. ఇప్పుడు తర్వాతి 5 గ్రాముల ఇంజెక్షన్ టైమ్ అయింది. బీపీ 150/100. తలనొప్పి తగ్గిందంటోంది. శ్వాస నిమిషానికి 18. గత 4 గంటల్లో యూరిన్ బ్యాగులోకి 90 మి.లీ. వచ్చింది. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు కదల్లేదు. నర్సు ముందుగా చేయాల్సింది ఏది?

ఎ) చార్టు ప్రకారం 5 గ్రాముల డోసు ఇవ్వడం
బి) డోసు ఆపి డాక్టర్‌కి తెలియజేయడం
సి) కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ ఇవ్వడం
డి) సగం డోసు ఇచ్చి గంట తర్వాత చూడడం"

ఇందులో ఎన్ని అన్యాయాలున్నాయో చూడండి. మొదటిది, విషయం ఎక్కడా చెప్పలేదు. యూరిన్ తక్కువైందని లేదు, మందు ఒంట్లో ఎక్కువైందని లేదు. 90ని 4తో భాగించి, గంటకి 30 మి.లీ. కూడా రావడం లేదని పిల్లలే తేల్చుకోవాలట. నర్సింగ్ పరీక్షలో భాగహారమా! "మెగ్నీషియం విషప్రభావం కనిపిస్తున్న గర్భిణి" అని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయిందమ్మా అన్నాను. "అలా రాస్తే ఆలోచనంతా నేనే చేసేసినట్టు, మేడం. ఇక పిల్లకి మిగిలేది మందు పేరు గుర్తు తెచ్చుకోవడమే" అంది. అదే కదా మేం ఇన్నాళ్లూ పరీక్షిస్తున్నది!

తర్వాతి డోసు ఇచ్చే ముందు మూడు చూడాలని పుస్తకంలో ఉన్న మాట నిజమే. శ్వాస నిమిషానికి 16కి తగ్గకూడదు, మోకాలి రిఫ్లెక్స్ ఉండాలి, యూరిన్ గంటకి కనీసం 30 మి.లీ. చొప్పున 4 గంటలకి 120 రావాలి. మెగ్నీషియం బయటికి పోయేది కిడ్నీల గుండానే కాబట్టి యూరిన్ తగ్గితే మందు ఒంట్లో పేరుకుంటుంది. పేరుకున్నప్పుడు ముందు పోయేది మోకాలి రిఫ్లెక్స్, శ్వాస మందగించేది రక్తంలో మోతాదు ఇంకా పెరిగాక. అంటే ఈమె శ్వాస 18 ఉందని నిశ్చింతగా ఉండే నర్సు, మోకాలు ఇచ్చిన కబురుని పక్కన పడేసి ఊపిరి కోసం ఎదురుచూస్తోందన్నమాట. ఇదంతా మాకు తెలుసు. తెలిసిన దాన్ని మూడు బిట్లుగా విడగొట్టి, శ్వాస ఎంత, యూరిన్ ఎంత, రిఫ్లెక్స్ ఏది అని అడుగుతాం. మూడూ ఒకే ఆడమనిషిలో కలిసి కనిపిస్తే ఏం చెయ్యాలనేది సిలబస్‌లో ఏ యూనిట్ కిందికి వస్తుందో చెప్పగలరా?

రెండో అన్యాయం తప్పు ఆప్షన్లలో ఉంది. మేమైతే నాలుగో ఆప్షన్ తట్టనప్పుడు "పైవన్నీ" అని పెట్టి టీకి వెళ్లిపోతాం. ఈవిడ ముందు ఆప్షన్లే లేకుండా ఈ కేసు సెకండియర్ పిల్లలకిచ్చి, ఏం చేస్తారో రాయమందట. వాళ్లు రాసిన తప్పుల్లోంచే ఆప్షన్లు ఏరింది. ఎ అనేది చార్టు తప్ప మంచం వైపు చూడని పిల్ల. బీపీ ఇంకా 150/100 ఉంది కదా, డోసు మానితే ఫిట్స్ వస్తాయేమోనని భయపడే పిల్ల కూడా ఇక్కడే పడుతుంది. డి అందరినీ మెప్పించాలనుకునే పిల్ల. ఇక సి మా టాపర్. మెగ్నీషియం అన్న మాట చూడగానే కాల్షియం గ్లూకోనేట్ అని చెయ్యెత్తే బంగారు తల్లి. ఊపిరి బాగానే ఉన్న మనిషికి విరుగుడు ఎక్కించేస్తుంది. విరుగుడుని అందుబాటులో పెట్టుకోవడం వేరు, పొడిచెయ్యడం వేరు అంటుంది ఈవిడ. మేం ఏళ్ల తరబడి బట్టీ పట్టించిన జవాబునే తప్పు ఆప్షన్‌గా పెట్టడం వ్యక్తిగత దూషణ కిందికి వస్తుందని నా అభిప్రాయం.

నిజానికి తొలి ప్రతిలో శ్వాస 18 కాదు, 14 అని రాసింది. దాన్ని వార్డులో ఇద్దరు సీనియర్లకి చూపిస్తే ఒకరు బి అన్నారు, ఇంకొకరు సి అన్నారు. గంటసేపు వాదించుకున్నారు. మా దగ్గరైతే కీ ఏది ప్రకటిస్తే అదే కరెక్టు, అభ్యంతరాలు ఫీజు కట్టి పంపుకోవచ్చు. ఈవిడ మాత్రం, తెలిసిన ఇద్దరు పోట్లాడుకుంటే తప్పు బిట్‌దే అని 14 కొట్టేసి 18 చేసింది. కేసుకి నిండుదనం కోసం పేషెంటు బ్లడ్ గ్రూపు, అత్తగారి ఊరు చేర్చమని నేను సలహా ఇస్తే అదీ తీసేసింది. బీపీ, తలనొప్పి అయితే నర్సు మనసుని అటో ఇటో లాగుతాయట, అందుకని ఉంచిందట. బ్లడ్ గ్రూపు ఎటూ లాగదట.

ఆ తర్వాత చేసిన పని మరీ ఘోరం. మా పాత పేపర్లో ప్రశ్నలన్నీ కాగితంతో కప్పేసి, ఉత్త ఆప్షన్లే మా అటెండర్‌కి చూపించింది. అతను టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. చాలావరకు సరిపోయాయి. "ఏటుంది మేడం, పొడుగున్నది ఎట్టీడమే. 'పైవన్నీ' ఉంటే మరి చూస్కోనక్కర్లేదు" అన్నాడు. అటెండర్‌కి సైతం ఇంత నర్సింగ్ పరిజ్ఞానం అందించిన మా పేపర్‌ని మెచ్చుకోవాల్సింది పోయి, ఈవిడ తన బిట్‌లో బి ఆప్షన్ కొంచెం పొడుగ్గా ఉందని కత్తిరించి, నాలుగూ ఇంచుమించు ఒకే కొలతకి తెచ్చింది.

పోనీ, 'డాక్టర్‌కి తెలియజేయడం' కనిపిస్తే కళ్లు మూసుకుని టిక్కు పెట్టమని పిల్లలకి చెబుదామనుకున్నాను. ఆ దారి కూడా మూసేసింది. అదే ఆడమనిషి మీద రెండో బిట్ ఉంది. డోసు ఆపారు, డాక్టర్‌కి చెప్పారు. అరగంటకి మనిషి మత్తుగా పడి ఉంది, శ్వాస నిమిషానికి 8. శ్వాస పడిపోతే కాల్షియం గ్లూకోనేట్ 1 గ్రాము నెమ్మదిగా నరానికి ఇవ్వమని డాక్టర్ ముందే రాసి ఉంచారు. ఇప్పుడు అంబు బ్యాగ్ అందుకుని శ్వాస అందిస్తూ, ఆ విరుగుడు ఎక్కించాలి. ఇందాక తప్పయిన జవాబు ఇప్పుడు ఒప్పయింది. ఇలా జవాబు పూటకోలా మారిపోతే గైడు వేసేవాళ్లు ఏం అచ్చు వేసుకోవాలి?

అమెరికా లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఇలా ఒక్కో కేసు మీద వరసగా ఆరు ప్రశ్నలు వస్తున్నాయట. అక్కడ కంప్యూటర్ మీద వెనక్కి వెళ్లనివ్వరు. మన కాగితం మీద రెండో బిట్‌లో "డోసు ఆపారు" అని చదివిన పిల్ల వెనక్కొచ్చి మొదటిదానికి బి పెట్టేస్తుంది. ఈ సంగతి ఎత్తి చూపి గెలిచాననుకున్నాను. "అందుకే ఆ రెండిటినీ ఒకే పేపర్లో పెట్టను మేడం" అని ఫైలు మూసేసింది.

పరీక్ష అయ్యాక లెక్కలు కూడా వేస్తుందట. వంద మంది రాశారనుకోండి. మొత్తం మార్కుల్లో పైనున్న 27 మందిని, అడుగునున్న 27 మందిని తీసి, ఒక్కో బిట్ ఎవరెంతమంది సరిగ్గా పెట్టారో చూస్తుంది. మన విరుగుడు బిట్‌ని పైవాళ్లు 27 మంది, కిందివాళ్లు 26 మంది పెట్టారనుకుందాం. తేడా ఒకటి, దాన్ని 27తో భాగిస్తే 0.04. అంటే ఆ బిట్ ఎవరినీ వేరు చెయ్యదు, సర్వజన సమానత్వం. అదే మోకాలి బిట్‌ని పైన 20 మంది, కింద 9 మంది పెడితే 0.41. ఒకవేళ కిందివాళ్లే ఎక్కువమంది సరిగ్గా పెడితే కీ తప్పేమోనని ముందు తన మీదే అనుమానపడుతుంది. వందలో ఐదుగురు కూడా ముట్టుకోని ఆప్షన్ ఉంటే అది చచ్చినట్టే లెక్క అని తీసేస్తుంది, మంచిది దొరక్కపోతే మూడింటితోనే సరిపెడతానంటుంది. డి లేని బిట్ పేపర్! ఓఎంఆర్ షీట్ మీద ఆ నాలుగో సున్నా ఏ పాపం చేసింది?

ఇంత చేసీ, చివరికి తన నోటితో తనే ఒప్పుకుంది. "కాలు కదల్లేదని నా బిట్టే చెప్పేసింది, మేడం. వార్డులో అయితే సుత్తి తియ్యాలని ఆ పిల్లకే తట్టాలి. ఆ సంగతి బిట్‌తో తేలదు, మంచం దగ్గర నిలబెట్టి చూడాల్సిందే" అంది. ఈ మాటని నేను వెంటనే మినిట్స్‌లో రాయించాను. పూర్తిగా తేల్చలేనప్పుడు సగం తేల్చడం ఎందుకు? ఒక్కో బిట్‌కి మూడు సాయంత్రాలు తీసుకుంటోంది, ఇచ్చే రెమ్యూనరేషన్ మాత్రం నా పది నిమిషాల బిట్‌కీ దానికీ ఒకటే.

అయినా పెద్దరికం నిలబెట్టుకుంటూ ఒక రాజీ ప్రతిపాదించాను. కేసు అలాగే ఉంచుదాం, కింద చిన్న అక్షరాలతో "సూచన: ఇది మెగ్నీషియం ఎక్కువైన కేసు, శ్వాస ఇంకా బాగుంది" అని చేరుద్దాం అన్నాను. ససేమిరా అంది. ఆమెని ఈ ఏడాది అనాటమీ బిట్లకి మార్చమని సిఫారసు చేస్తూ లెటర్ పెట్టాను. ఎముకలు 206 అని ఎవరు రాసినా 206యే కదా అనుకున్నాను. నిన్న డ్రాఫ్ట్ వచ్చింది. మొదటి బిట్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగుతూ జారిపడ్డ ముసలావిడ ఉంది, కుడి కాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటికి తిరిగి ఉంది.