భార్య పేరున ఇల్లు, స్నేహితుడి పేరున ప్లాటు: చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు

"ఎవరి పేరున ఉంటే ఏముంది, డబ్బు పెట్టింది నేనే కదా" అనే మాట వింటే ఈమధ్య నాకు ఒళ్లు మండుతోంది. మన మగవాళ్లలో ఇంకో విచిత్రం కూడా ఉంది. భార్య పేరున కొనాలంటే పది రకాల అనుమానాలు, స్నేహితుడి పేరున కొనాలంటే గుండె మీద చెయ్యేసుకుని నిద్ర. చట్టం చూస్తే సరిగ్గా తలకిందులు.

మాకు బాబాయ్ వరసయ్యే ఒకాయన 2018లో ఊరి చివర 200 గజాల ప్లాటు కొన్నారు. అన్నదమ్ముల పంపకాల్లోకి వస్తుందని తన పేరున పెట్టుకోలేదు, చిన్ననాటి స్నేహితుడి పేరున రిజిస్టర్ చేయించారు. ధర 30 లక్షలు. పత్రంలో రాసింది 12 లక్షలు, అవి ఈయన బ్యాంకు ఖాతా నుంచే వెళ్లాయి. మిగతా 18 లక్షలు నోట్ల కట్టలు. "ఈ ప్లాటు నిజానికి ఫలానా ఆయనదే, నా పేరు ఊరికే పెట్టాం" అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకుని బీరువాలో దాచారు. కరోనాలో స్నేహితుడు పోయాడు. కొడుకులు "మా నాన్న ప్లాటు" అన్నారు.

లాయరు ఆ కాగితం చదివి నవ్వాడట. అది బాబాయ్ హక్కుకు రుజువు కాదు, బినామీ లావాదేవీకి ఒప్పుకోలు. బినామీ లావాదేవీల నిషేధ చట్టంలో 4వ సెక్షన్ ఏమంటుందంటే, బినామీ ఆస్తి నాది అని అసలు యజమాని దావా వేయడానికే వీల్లేదు. పేరున్నవాడి మీదా కుదరదు, అతని వారసుల మీదా కుదరదు. పోనీ పిల్లలు మంచివాళ్లై తిరిగి రాసిస్తామన్నారనుకోండి, 6వ సెక్షన్ ప్రకారం ఆ బదిలీ కూడా చెల్లదు. ఆదాయపు పన్ను శాఖకు తెలిస్తే ప్లాటు కేంద్ర ప్రభుత్వానికి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన జైలు, మార్కెట్ విలువలో పావు వంతు వరకు జరిమానా. 2024లో ఇంకో సదుపాయం తెచ్చారు: పేరు అరువిచ్చినవాడు పూర్తి నిజం చెబితే అతనికి శిక్ష నుంచి మినహాయింపు దొరకొచ్చు. అసలు యజమానికి మాత్రం ఆ అవకాశం లేదు. అంటే మీ ప్రాణ స్నేహితుడికి అప్రూవర్‌గా మారే దారి చట్టమే చూపిస్తోంది.

ఇక భార్య సంగతి. 2016 సవరణలో స్పష్టంగా రాశారు: భార్య పేరున గానీ పిల్లల పేరున గానీ కొంటే అది బినామీ కాదు. కానీ ఒక షరతు, డబ్బు తెలిసిన ఆదాయ మార్గం నుంచి రావాలి. జీతం, బ్యాంకు లోను, పాత స్థలం అమ్మిన సొమ్ము అయితే ఏ టెన్షన్ లేదు. మన దగ్గర ప్లాట్లు కొనే పద్ధతి మీకు తెలియంది కాదు. బాబాయ్ ఇదే ప్లాటు పిన్ని పేరున కొన్నా, ఆ 18 లక్షలకు లెక్క చూపలేకపోతే మినహాయింపు అక్కడే చిక్కులో పడేది.

లెక్క శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు. గొడవలొచ్చాక "డబ్బు నాది, ఇల్లు నాది" అని కోర్టుకెళ్లే మొగుళ్లు చాలామందే. వెళ్లొచ్చు, భర్త ఇలా దావా వేయవచ్చని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కానీ ఆమె కోసం కొనలేదని నిరూపించాల్సిన బరువు ఆయనదే. డబ్బు ఎవరిదన్న ఒక్క ప్రశ్నతో అది తేలదు. ఒరిజినల్ పత్రాలు ఎవరి దగ్గరున్నాయి, ఇంటిపన్ను ఎవరు కట్టారు, అద్దె ఎవరు తిన్నారు, అప్పట్లో ఆమె పేరు ఎందుకు పెట్టారు అని అన్నీ చూస్తారు. "ఆవిడ పేరున కలిసొస్తుందని సిద్ధాంతి గారు చెప్పారు" అన్నది ఆ చివరి ప్రశ్నకు మనవాళ్ల దగ్గరుండే సమాధానం.

పన్ను విషయంలో ఇంకో తమాషా. మీ డబ్బుతో ఆమె పేరున ఇల్లు కొంటే, ఆ అద్దెను ఆదాయపు పన్ను శాఖ మామూలుగా మీ ఆదాయంలోనే కలుపుతుంది. అద్దె ఆమె ఖాతాలో పడుతుంది, పన్ను మీరు కడతారు. పన్ను తప్పించుకోవడానికే ఆమె పేరున పెట్టామనేవాళ్లు ముందు ఇది కనుక్కోవాలి.

అందుకే నేను అడిగినవాళ్లకు చెప్పేది ఒకటే. ఆమెకే ఇద్దామనుకుంటే ఆమె పేరున కొనండి, పత్రాలు కూడా ఆమెకే ఇవ్వండి. ఇద్దరిదీ అనుకుంటే ఇద్దరి పేర్లూ పెట్టించి, ఎవరు ఎంత పెట్టారో పత్రంలో రాయించండి. మీకే కావాలనుంటే మీ పేరునే పెట్టుకోండి, సిద్ధాంతి గారికి నేను సర్దిచెబుతాను.